వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో వాషింగ్ మెషీన్లు, గీజర్లు బాగుచేయడం నా పని. ఎండాకాలం మొదలైతే చాలు, "మెషీన్ షాక్ కొడుతోంది" అనే ఫోన్లు మొదలవుతాయి. ప్రతి ఒక్కరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి, ఒక్క ఇంటి కథని పట్టుకుని అన్నిటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను. ఎమ్మార్ పల్లిలో రెండో అంతస్తు అద్దె ఇల్లు, బాల్కనీలో ఫ్రంట్ లోడ్ మెషీన్, దాని వయసు ఆరేళ్ళు. ముందే ఒక మాట: ప్లగ్ పీకేసి చేసే పరీక్షలు ఓపికున్నవాళ్ళు చేసుకోవచ్చు, కరెంటు ఉండగా చేసేవి మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. అవి ఎందుకు చేస్తారో మీకు తెలిస్తే, వచ్చినవాడు సరిగ్గా చేస్తున్నాడో లేదో మీరే చూసుకుంటారు, అందుకే రాస్తున్నాను.

షాక్ కొట్టిన వెంటనే ఏం చేయాలి?

మెషీన్ మీద ఉన్న బటన్ నొక్కి ఆపితే సరిపోదు. ఆ బటన్ లోపలి బోర్డుకి చెప్పే మాట మాత్రమే, కరెంటు అక్కడిదాకా వస్తూనే ఉంటుంది. చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, గోడ మీది స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. ప్లగ్ దగ్గర తడిగా ఉంటే దాని జోలికి పోకుండా మెయిన్ ఆపేయండి. లోపల బట్టలు నానుతున్నాయి కదా అని ఆ తలుపు తీయడానికి ప్రయత్నించకండి, ప్లగ్ పీకాక నిదానంగా తీసుకోవచ్చు.

నాకు కొడుతోంది, ఇంట్లో ఇంకొకరికి ఏమీ తెలియడం లేదు. నా భ్రమా?

ఎమ్మార్ పల్లి అక్క ఫోన్‌లో అన్నది కూడా ఇదే. "ముట్టుకుంటే జివ్వుమంటా ఉందన్నా, మా ఆయన మాత్రం ఏమీ లేదంటాడు, నీదంతా అనుమానం అంటాడు." నేను వెళ్ళి చూస్తే ఆయన కాళ్ళకి రబ్బరు చెప్పులు, ఆమె బట్టలు ఆరేస్తూ తడి గచ్చు మీద ఒట్టి కాళ్ళతో నిలబడి ఉంది. అంతే తేడా. కరెంటు మెషీన్ ఒంటి మీంచి మన చేతిలోకి వచ్చి, కాళ్ళ గుండా నేలలోకి పోవాలి, చెప్పులు ఆ దారి మూసేస్తాయి.

అందుకే "చిన్న షాకే కదా" అనే మాట నాకు నచ్చదు. షాక్ చిన్నగా అనిపించడం మీ కాళ్ళ కింద నేల ఎంత పొడిగా ఉందో దాన్ని బట్టి వచ్చింది, మెషీన్‌లో లోపం చిన్నదని కాదు. అదే మెషీన్‌ని ఒక చేత్తో, పక్కనున్న ఇనుప కుళాయిని ఇంకో చేత్తో పట్టుకుంటే కథ వేరుగా ఉంటుంది.

అసలు షాక్ ఎందుకు వస్తుంది?

రెండు తప్పులు ఒకేసారి ఉంటేనే వస్తుంది. ఒకటి, లోపల ఏదో ఒకటి ఇనుప ఒంటికి కరెంటు వదులుతోంది. రెండు, అలా వదిలిన కరెంటుని నేలలోకి తీసుకుపోవాల్సిన ఎర్త్ లేదు. ఎర్త్ బాగుంటే లీకు ఉన్నా మీకు తెలియదు, లీకు అసలు లేకపోతే ఎర్త్ లేని సంగతి మీకు తెలియదు. షాక్ కొట్టిందంటే రెండూ ఉన్నాయి, రెండూ వెతకాలి. నేను చూసినంతలో చాలామంది ఒకటి బాగుచేసి, షాక్ ఆగింది కదా అని డబ్బులిచ్చి పంపించేస్తారు.

టెస్టర్ పెడితే వెలిగింది, మీటర్‌లో 110 వోల్టులు చూపించింది. మెషీన్ పాడైనట్టేనా?

కాకపోవచ్చు. మెషీన్‌లోకి కరెంటు వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది, మోటారు, బోర్డు చేసే విద్యుత్ రొద బయటి వైరులోకి పోకుండా ఆపడానికి. అందులో రెండు చిన్న కెపాసిటర్లు, ఒకటి ఫేజ్ నుంచి ఒంటికి, ఒకటి న్యూట్రల్ నుంచి ఒంటికి కట్టి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు ఒళ్ళు ఈ రెండిటి మధ్య వేలాడుతుంది, కాబట్టి 230లో సగం, అంటే 110, 115 దగ్గర కనిపిస్తుంది. కొత్త మెషీన్‌లో కూడా అంతే. దాని వెనక ఉన్న కరెంటు మాత్రం చాలా తక్కువ, మిల్లీ ఆంప్‌లో మూడో వంతు, ఫిల్టర్ పెద్దదైతే ఒకటి, ఒకటిన్నర. తడి చేతి వెనక వైపు తగిలితే సన్నగా గీరినట్టు ఉంటుంది.

నియాన్ టెస్టర్ వెలగడానికి అంత కూడా అక్కర్లేదు. డిజిటల్ మీటర్ కూడా కరెంటుని దాదాపు తీసుకోదు కాబట్టి ఈ ఉత్తుత్తి వోల్టేజీనీ, చంపే వోల్టేజీనీ ఒకేలా చూపిస్తుంది. కాబట్టి టెస్టర్ వెలుతురు చూపించి "బోర్డు పోయింది సార్" అనేవాడితో జాగ్రత్త.

మరి ఫిల్టర్ లీకా, నిజమైన లీకా అని ఎలా తేలుస్తారు?

ఆ వోల్టేజీకి కొంచెం బరువు పెట్టి చూడాలి. నా సంచిలో 10 కిలో ఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒకటి ఉంటుంది, మీటర్ రెండు కాళ్ళ మధ్య కట్టుకుని మెషీన్ ఒంటికీ సాకెట్‌లో న్యూట్రల్‌కీ మధ్య పెడతాను. ఇంటి ఎర్త్ మీద అప్పటికి నమ్మకం లేదు కాబట్టి న్యూట్రల్‌తో పోల్చడం. ఏది న్యూట్రలో ముందు ఖాయం చేసుకోవాలి. మీటర్ చూపించే వోల్టులని పదితో భాగిస్తే అన్ని మిల్లీ ఆంప్‌లు. ఇది కరెంటు ఉండగా చేసేది, ఇంట్లో ప్రయత్నించకండి.

అక్క ఇంట్లో ముందు ఫ్రిజ్, మిక్సీ, టీవీ ప్లగ్గులు పీకించాను, గీజర్ ఆపించాను. ఎందుకో కింద చెప్తాను. మెషీన్ ఊరికే ఆన్ చేసి పెడితే, రెసిస్టర్ లేకుండా 112 వోల్టులు, రెసిస్టర్ పెట్టగానే మూడున్నరకి పడిపోయింది. అంటే 0.35 మిల్లీ ఆంప్, ఫిల్టర్ పనే. చల్లనీళ్ళలో తిప్పాను, అదే మూడున్నర. ఇక్కడితో ఆపేసి ఉంటే "మెషీన్ బాగుంది, ఎర్త్ వేయించుకోండి" అని వచ్చేసేవాణ్ణి, నిజం చెప్పాలంటే కొన్నేళ్ళ కిందట అలాగే వచ్చేసేవాణ్ణి కూడా.

ఈసారి కాటన్ 60 డిగ్రీల ప్రోగ్రాం పెట్టి కూర్చున్నాను. నీళ్ళు పట్టుకుని, నాలుగైదు నిమిషాలు తిరిగాక లోపల టక్కుమని రిలే శబ్దం వచ్చింది, హీటర్ మొదలైంది. మీటర్ 38 వోల్టులకి ఎగిరింది. అక్కడ నిలబడలేదు, నిదానంగా 45, 52, 60. ఆరు మిల్లీ ఆంప్‌లు. ఆపేశాను. ఒకచోట పెట్టి వాడే ఇలాంటి మోటారు యంత్రాలకి ప్రమాణాలు ఒప్పుకునేది 3.5 దాకానే, పది దాటితే చెయ్యి బిగుసుకుపోయి వదిలించుకోలేని పరిస్థితి రావచ్చు. పైగా అది పెరుగుతూ పోతోంది, ఫిల్టర్ అయితే అలా పెరగదు. అక్కకి కూడా అప్పుడే గుర్తొచ్చింది, షాక్ కొట్టేదంతా దుప్పట్లు, పిల్లల యూనిఫాంలు వేడినీళ్ళలో వేసిన రోజులేనట.

ఎర్త్ ఉందో లేదో ఎలా చూస్తారు? సాకెట్‌లో మూడు రంధ్రాలు ఉన్నాయి కదా?

మూడో రంధ్రం ఉండటం వేరు, దాని వెనక వైరు ఉండటం వేరు, ఆ వైరు చివర నేల ఉండటం మరీ వేరు. చాలా ఇళ్ళలో మొదటి తప్పు ఇంకా ముందే దొరుకుతుంది: పదహారు ఆంపుల ప్లగ్ సాకెట్‌లో పట్టలేదని పై పిన్ను కోసేసి ఉంటారు, లేదా ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతుంటారు. అది కళ్ళతో చూస్తే తెలిసిపోతుంది.

అది సరిగ్గా ఉంటే సాకెట్‌లో మూడు కొలతలు. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 దగ్గర, ఫేజ్, ఎర్త్ మధ్య కూడా అంతే, న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు. అక్క ఇంట్లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకసారి 140, ఇంకోసారి 95, ఫ్రిజ్ ప్లగ్ పెడితే ఇంకో అంకె. అలా ఊగులాడిందంటే ఆ ఎర్త్ వైరు ఎక్కడికీ చేరడం లేదు.

అంకెలు బాగున్నా నేను నమ్మను, ఎందుకంటే తుప్పుపట్టిన సన్నని పోగు కూడా మీటర్‌కి 230 చూపించగలదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాత బల్బు పెట్టి చూస్తాను. ఎర్త్ మంచిదైతే బల్బు నిండుగా వెలుగుతుంది, ఎర్త్ మీద వోల్టేజీ రెండు మూడు కంటే ఎక్కువ పడదు. మసకగా వెలిగినా, వెలగకపోయినా ఎర్త్ లేనట్టే. కరెంటు లీకయితే తనంతట తానే ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో బల్బు పెట్టగానే అది పడిపోతుంది, అదీ మంచి గుర్తే.

ఈ బల్బు పరీక్షలో ఒక గండం ఉంది, చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా పట్టించుకోరు. ఇంట్లో ఎర్త్ వైర్లన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. బయట నేల దగ్గర తెగిపోయి ఉన్నప్పుడు మీరు బల్బు గుండా ఫేజ్ ఇస్తే, ఆ కరెంటు ఫ్రిజ్ తలుపుకీ, గ్రైండర్‌కీ, గీజర్‌కీ అన్నిటికీ పాకుతుంది. ఇంట్లో వాళ్ళు ఏదీ ముట్టుకోకుండా ఒకచోట కూర్చున్నాకే ఆ బల్బు పెట్టాలి.

గీజర్ వేసినప్పుడు మాత్రమే వాషింగ్ మెషీన్ షాక్ కొడుతోంది. ఇదేం చోద్యం?

పైన చెప్పిందే. ఎర్త్ వైరు నేలకి చేరకపోతే అది ఇంట్లో ఒంటి నుంచి ఒంటికి కరెంటు మోసే తాడు అయిపోతుంది. గీజర్ హీటర్ లీకయితే మెషీన్ దగ్గర కొడుతుంది, మెషీన్ లీకయితే ఫ్రిజ్ దగ్గర కొడుతుంది. అందుకే కొలిచే ముందు మిగతా ప్లగ్గులన్నీ పీకించేది. గిరింపేట నుంచి ఒకాయన ఇలాగే మెషీన్ బోర్డు మార్పించుకుని చిత్తూరంతా తిట్టుకుంటూ తిరిగాడు, చివరికి తప్పు గీజర్‌ది.

అక్క ఇంట్లో ఎర్త్ ఎక్కడ తెగింది?

మీటర్ బోర్డు దాకా వైరు బాగానే ఉంది. అక్కడి నుంచి కాంపౌండ్‌లో ఎర్త్ గుంటకి పోయే జీఐ వైరు మీద ఇంటి ఓనరు రెండేళ్ళ కిందట టైల్స్ పరిపించాడు. గుంట మూత దొరకడానికే అరగంట పట్టింది. తవ్వి చూస్తే పైపు చుట్టూ ఉన్న క్లాంపు తుప్పుపట్టి పొరలుగా రాలిపోతోంది, వైరు చేత్తో లాగితే ఊడి వచ్చేసింది. లోపల మన్ను ఎండి బెల్లం గడ్డలాగా ఉంది. ఎండాకాలం మన దగ్గర గుంటలో నీళ్ళు పోయకపోతే ఇలాగే అవుతుంది, పైగా కొండ పక్క నేలల్లో తవ్వగానే రాయి తగలడంతో చాలాచోట్ల పైపు లోతుగా దిగి ఉండదు.

కొత్త క్లాంపు, కొత్త వైరు, పైపులోకి నాలుగు బకెట్ల నీళ్ళు. బల్బు నిండుగా వెలిగింది. ఓనరు, "ఇన్నాళ్ళూ ఎవరికీ రాని షాక్ వీళ్ళకే వచ్చిందా" అన్నాడు గానీ, కింద అంతస్తు వాళ్ళ ఫ్రిజ్ కూడా చురుక్కుమంటోందని వాళ్ళ అమ్మాయి చెప్పాక ఇంకేమీ మాట్లాడలేదు.

మా ఎలక్ట్రీషియన్ సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేశాడు, షాక్ పోయింది. బాగానే ఉంది కదా?

ఇవ్వాళే తీయించేయండి. మామూలు రోజుల్లో న్యూట్రల్ నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి షాక్ పోయినట్టు అనిపిస్తుంది. కానీ మీ బోర్డులోనో, మీటర్ దగ్గరో, బయట స్తంభం మీదో ఆ న్యూట్రల్ వైరు ఒక్క స్క్రూ వదులైతే, మెషీన్ లోపలి నుంచి వచ్చిన పూర్తి 230 ఆ లూపు గుండా నేరుగా ఇనుప ఒంటికి వస్తుంది. దానికి ఏ లీకూ అక్కర్లేదు, కొత్త మెషీన్ అయినా చాలు. పైగా ఆ లూపు ఉన్నచోట ఆర్‌సీసీబీ కూడా సరిగ్గా పనిచేయదు, ఊరికే పడిపోతూ ఉంటుంది, అప్పుడు అదే ఎలక్ట్రీషియన్ వచ్చి ఆర్‌సీసీబీ కూడా తీసేస్తాడు. బయటి నుంచి వచ్చే న్యూట్రల్ మీదే అనుమానం ఉంటే, అంటే లైట్లు ఒకసారి మరీ వెలిగి ఒకసారి మసకబారుతుంటే, 1912కి ఫోన్ చేయండి, అది కరెంటు వాళ్ళు చూడాల్సిన పని.

ఎర్త్ బాగుచేయించాక షాక్ పోయింది. ఇక వాడుకోవచ్చా?

అక్క కూడా అదే అడిగింది. ఎర్త్ వేశాక ఒంటి మీద వోల్టేజీ సున్నా, చెప్పులు లేకుండా పట్టుకున్నా ఏమీ లేదు. కానీ లీకు అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు ఆమె గుండా కాకుండా వైరు గుండా పోతోంది. ఆ వైరు మళ్ళీ తుప్పు పట్టిన రోజు కథ మొదటికే వస్తుంది.

ఆ ఇంట్లో ఆర్‌సీసీబీ లేదు, 30 మిల్లీ ఆంప్‌లది ఒకటి పెట్టించాను. వెళ్ళే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానంగా లేకపోతే అది పడిపోతుంది. ఎంతో కొంత ఇంకెక్కడికో పోతోందన్నమాట. 30 అని రాసి ఉన్నా నిజానికి పదిహేను దాటాక ఎప్పుడైనా పడొచ్చు. అదే 60 డిగ్రీల ప్రోగ్రాం మళ్ళీ పెట్టాను. రిలే టక్కుమన్న పన్నెండో నిమిషానికి ఇల్లంతా చీకటి. ఎత్తి మళ్ళీ పెట్టాను, ఈసారి రెండు నిమిషాలు కూడా ఆగలేదు. చల్లనీళ్ళ ప్రోగ్రాంలో గంట తిప్పినా ఏమీ కాలేదు. ఇక మెషీన్ విప్పకుండానే తప్పెవరిదో తెలిసిపోయింది.

మా ఇంట్లో ఎంసీబీ ఉంది, అది ఎందుకు పడలేదు?

16 ఆంపుల ఎంసీబీకి ఆరు మిల్లీ ఆంప్‌లు లెక్కే కాదు, దాని పని వైర్లు కాలిపోకుండా చూడటం. హీటర్ పూర్తిగా ఒంటికి తగిలేసినా, మీ ఎర్త్ గుంట నిరోధం 5 ఓమ్‌లు ఉంటే పోయే కరెంటు 46 ఆంపులే, అంతకి ఆ ఎంసీబీ వెంటనే పడుతుందని చెప్పలేం. గుంట ఎండి 20 ఓమ్‌లు అయితే 11 ఆంపులే, అసలు పడదు, ఒళ్ళు మాత్రం కరెంటుతోనే ఉంటుంది. అందుకే ఎర్త్‌తో పాటు ఆర్‌సీసీబీ.

హీటర్‌ని ఎలా పరీక్షించారు? మల్టీమీటర్ సరిపోదా?

సరిపోదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ప్లగ్ పీకి, వెనక రేకు విప్పి, హీటర్ రెండు వైర్లు ఊడదీశాను. హీటర్ రెండు టెర్మినళ్ళ మధ్య మల్టీమీటర్ 27 ఓమ్‌లు చూపించింది, 2000 వాట్ల హీటర్‌కి అంతే ఉండాలి. టెర్మినల్‌కీ హీటర్ ఒంటికీ మధ్య పెడితే అసలు దారే లేనట్టు చూపించింది. దాన్ని నమ్మితే హీటర్ బంగారం. కానీ మల్టీమీటర్ వాడేది దాని బ్యాటరీ ఇచ్చే ఒకటి రెండు వోల్టులు, హీటర్ చూసేది 230.

అందుకే ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకు దారి నిరోధం కొలిచే మీటర్, 500 వోల్టుల మెగ్గర్ పెట్టాను. 1.8 మెగా ఓమ్. ఒకటి దాటితే పాస్ అని మాకు మొదట్లో నేర్పించారు, ఆ లెక్కన ఇది కూడా పాసే! కొత్త హీటర్ అయితే వందల్లో ఉంటుంది కాబట్టి నాకు నమ్మకం కుదరలేదు. హీటర్ బయటికి లాగి, అక్క వంటింట్లో స్టీలు బకెట్‌లో మరిగిన నీళ్ళు తెప్పించి, టెర్మినళ్ళు తడవకుండా గొట్టం భాగం మాత్రం ముంచి పెట్టాను. దానికి కరెంటు ఇవ్వడం లేదు, ఊరికే వేడినీళ్ళలో నానబెట్టడమే. ఐదు నిమిషాలకి 0.4, పావుగంటకి 0.02. అంటే ఇరవై వేల ఓమ్‌లు. లోపలి తీగ కరెంటుతో కాలుతున్నప్పుడు ఇంకా దిగజారుతుంది, ఆర్‌సీసీబీ పడిందంటే పడదూ మరి.

ఒక హెచ్చరిక. కొందరు మెషీన్ విప్పకుండా ప్లగ్ పిన్నుల మీదే మెగ్గర్ పెడతారు. రిలే తెరిచి ఉంటుంది కాబట్టి హీటర్ వైపు పూర్తిగా తెలియదు, పైగా బోర్డులో ఉప్పెన కరెంటుని ఆపే భాగం 500 వోల్టులకి తలుపు తీసి తప్పుడు అంకె చూపించొచ్చు. వైర్లు ఊడదీసి హీటర్‌ని విడిగానే చూడాలి.

హీటర్ లోపల అసలు ఏమైంది?

హీటర్ అంటే ఒక గొట్టం, మధ్యలో వేడెక్కే తీగ, రెండిటికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడి గట్టిగా కూరి ఉంటుంది. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటుని ఆపుతుంది, కానీ తేమ దొరికితే పీల్చేసుకుంటుంది. తేమ చేరాక కరెంటుని ఆపలేదు.

అక్క మెషీన్ హీటర్ చుట్టూ సున్నం పెంకు కట్టి, చేతివేలి లావు గొట్టం బొటనవేలంత అయింది. బిల్డింగుకి బోరు నీళ్ళు. పెంకు కట్టినచోట వేడి నీళ్ళలోకి పోలేక గొట్టమే కాలుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి పెంకు రాలగొడితే, వంపు దగ్గర ఆవగింజంత నల్లటి గుంట, దాని నడుమ సూది మొనంత రంధ్రం, దాని చుట్టూ తెల్లటి పొడి ఉబికి వచ్చి ఉంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడికి గొట్టం సాగితే తెరుచుకుంటుంది. చల్లగా కొలిస్తే దొరకనిది అందుకే.

రంధ్రం లేకుండా, నెలల తరబడి వాడని మెషీన్‌లో టెర్మినల్ మూతల గుండా తేమ ఎక్కి మెగ్గర్ తక్కువ చూపించడం కూడా ఉంది. అలాంటి హీటర్ ఆరబెడితే మళ్ళీ వందల్లోకి వచ్చి అక్కడే నిలబడుతుంది. రంధ్రం పడ్డది ఆరినా మళ్ళీ తడవగానే పడిపోతుంది, దాన్ని అతికించే ఎంసీల్ ఏదీ లేదు, ఎవరు చెప్పినా వినకండి.

నేను వేడినీళ్ళు వాడనే వాడను, అయినా హీటర్ షాక్ ఇస్తుందా?

ఇస్తుంది. చాలా మెషీన్లలో రిలే హీటర్‌కి ఒక వైపు వైరునే తెంపుతుంది, రెండో వైపు మెషీన్ ఆన్‌లో ఉన్నంతసేపూ కలిసే ఉంటుంది. ఆ రెండో వైపు న్యూట్రల్ అయితే గొడవ లేదు. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే మాత్రం హీటర్ చల్లగా ఉన్నా దాని నిండా ఫేజ్ ఉంటుంది, చల్లనీళ్ళలోనూ లీకవుతుంది. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన ఎర్త్, కుడి చేతి వైపు ఫేజ్ ఉండాలి. చూసుకోండి, తిరగేసినవి బోలెడు.

మాది సెమీ ఆటోమేటిక్, హీటర్ లేదు. అయినా కొడుతోంది.

అప్పుడు మోటారు, దాని కెపాసిటర్ దగ్గర తడి, టైమర్‌లోకి కారిన సబ్బు నీళ్ళు, ఎలుక కొరికిన వైరు. నా అనుభవంలో ముందు ఎలుకని అనుమానించాలి. పద్ధతి మాత్రం అదే, ఒక్కో భాగం వైరు ఊడదీసి మెగ్గర్ పెట్టడం.

హీటర్ మార్చేదాకా మెషీన్ వాడుకోవచ్చా?

ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ బాగుంటే, హీటర్ రెండు వైర్లూ ఊడదీసి విడివిడిగా టేపు చుట్టించి చల్లనీళ్ళ ప్రోగ్రాంలో వాడుకోవచ్చు. రెండూ అంటే రెండూ, ఒక్కటే ఊడదీస్తే పైన చెప్పిన గొడవ ఉండనే ఉంది. హీటర్‌ని దాని స్థానంలో అలాగే ఉంచాలి, తీస్తే ఆ కంత గుండా నీళ్ళన్నీ కిందికి. వేడినీళ్ళ ప్రోగ్రాం పెడితే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, కంగారు పడకండి.

మార్చడం ఎంత పని? ఎంత అవుతుంది?

కింది ఫిల్టర్ దగ్గర నీళ్ళు పూర్తిగా వదిలేయాలి. హీటర్ మధ్యలో ఉన్న నట్టు వదులు చేసి, ఊడదీయకుండా బోల్టుని లోపలికి నొక్కితే రబ్బరు వదులై హీటర్ కదులుతుంది, అటూ ఇటూ ఆడిస్తూ లాగాలి. కొత్తది వాట్లు, పొడవు, ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టే రంధ్రం చూసి కొనాలి. రబ్బరుకి సబ్బు నీళ్ళు రాసి, లోపల హీటర్ కొన దాన్ని పట్టుకునే క్లిప్పులో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. కూర్చోకపోతే డ్రమ్ముకి తగిలి గీరుతుంది. మధ్య బోల్టుకి ఉన్న ఎర్త్ వైరు మళ్ళీ పెట్టడం మర్చిపోయిన మెకానిక్కులని నేను చూశాను. అక్కకి హీటర్ 1,450, నా కూలి 500. ఆర్‌సీసీబీ, ఎర్త్ గుంట ఖర్చు ఓనరు పెట్టుకున్నాడు, కొంచెం గొణుక్కున్నా.

బోరు నీళ్ళయితే రెండు మూడు నెలలకోసారి 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి బట్టలు లేకుండా వేడినీళ్ళలో ఒకసారి తిప్పండి, పెంకు కట్టడం తగ్గుతుంది. హీటర్ బాగున్నప్పుడే. రంధ్రం పడ్డ హీటర్‌కి నిమ్మ ఉప్పు వేస్తే, ఇన్నాళ్ళూ ఆ రంధ్రాన్ని మూసిపెట్టిన పెంకు కూడా కరిగిపోతుంది.

మార్చాక మళ్ళీ పరీక్షించారా?

బిగించక ముందే కొత్త హీటర్‌కి మెగ్గర్ పెట్టాను, అంకె మీటర్ చూపగలిగినదాన్ని దాటిపోయింది. బిగించాక 60 డిగ్రీల ప్రోగ్రాం పూర్తిగా, గంటన్నర పైన, పక్కనే కూర్చుని చూశాను. ఫేజ్, న్యూట్రల్ రెండు వైర్లనీ కలిపి లీకేజీ క్లాంపు మీటర్‌లో పెడితే మొదట్లో 0.4, నీళ్ళు బాగా కాగాక 0.5 మిల్లీ ఆంప్. మామూలు క్లాంపు మీటర్‌కి ఇంత చిన్న కరెంటు కనిపించదు, దీనికి విడిగా ఉంటుంది. ఆర్‌సీసీబీ పడలేదు, దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడింది. నెలకోసారి అలా నొక్కి చూడమని అక్క వాళ్ళాయనకి చూపించాను. ఆయన నొక్కాడు, ఇల్లంతా ఆరిపోయింది, లోపలి నుంచి అక్క, "ఇప్పుడు నమ్మినావా, నాది అనుమానమా?" అంది.